చనిపోయినవారి సందేశాలు: కుటుంబం ఏ వరుసలో కదలాలి, కంపెనీలు ఎంతవరకు ఇస్తాయి

బాబాయి పోయిన ఐదో రోజున పిన్ని నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది. "రొయ్యలు కొన్నాయన ఇంకా డబ్బు ఇవ్వాలని మీ బాబాయి అంటూ ఉండేవారు. ఎంతో నాకు చెప్పలేదు. అంతా ఆ వాట్సాప్‌లోనే ఉందట. తీసి చూడగలవా నాయనా?"

విడవలూరు మండలంలో ఆయన రొయ్యల గుంటలు లీజుకు తీసుకొని సాగు చేసేవారు. మేత దుకాణానికి ఎంత బాకీ, ఏ పట్టుబడిలో ఎన్ని కిలోలు, ఏ కౌంటు, కిలో ధర ఎంత అన్న లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. సందేశాల్లో, కాటా చీటీల ఫోటోల్లో, గొంతు సందేశాల్లో ఉంది. నేను నెల్లూరు కోర్టు దగ్గర ప్లీడరు గుమాస్తాను. కాగితాల పని తెలుసు. ఫోను పని అప్పుడే నేర్చుకున్నాను, కొంత నష్టపోయి.

మొదటే తెలిసి ఉంటే బాగుండేదనిపించిన విషయం ఇది. మనవాళ్లు చాలామంది మరణ ధ్రువపత్రం పంపిస్తే కంపెనీ సందేశాలు ఇచ్చేస్తుందనుకుంటారు. జరిగేది దాదాపు తలకిందులు. కంపెనీకి మరణం తెలియజేయడం ఎక్కువ సందర్భాల్లో ఖాతాకు తాళం వేయించడమే. సందేశాలు దొరికే చోట్లు వరుసగా మూడు: చనిపోయినవారి ఫోను, అవతలివారి ఫోను, ఆ తరువాతే కంపెనీ. ఈ వరుస తప్పితే మళ్లీ వెనక్కి రావడం కష్టం.

మొదటి వారం: ఫోను, సిమ్ము

ఫోను ఆరిపోకుండా ఛార్జింగులో ఉంచండి. ఆరి మళ్లీ వెలిగిన ఫోను వేలిముద్రను ఒప్పుకోదు, పిన్ను గానీ గీత గానీ అడుగుతుంది. ఇంట్లో ఎవరి వేలిముద్రైనా ఆ ఫోనులో నమోదై ఉంటే ఈ తేడా చాలా పెద్దది. అయినా అది ఎక్కువ కాలం పనిచేయదు. ఆండ్రాయిడ్ ఫోనులో పిన్ను కొట్టి సుమారు 72 గంటలు దాటితే వేలిముద్ర ఉన్నా పిన్ను అడుగుతుంది. మా తమ్ముడి వేలిముద్ర బాబాయి ఫోనులో ఉంది. రెండు రోజులు తెరుచుకుంది, మూడో రోజు పిన్ను అడిగింది. ఆ రెండు రోజుల్లో ఎవరూ ఏదీ కాపీ చేసుకోలేదు. దుఃఖంలో ఎవరికి తడుతుంది?

పిన్ను ఊహించి వరసగా కొట్టకండి. తప్పు పెరిగే కొద్దీ ఆగవలసిన సమయం పెరుగుతుంది, కొన్ని ఫోన్లలో పది తప్పులకు మొత్తం తుడిచిపెట్టే అమరిక కూడా ఉండవచ్చు. ముందు ఇల్లు వెతకండి. మాకు ఆ ఆరంకెలు కరెంటు బిల్లులు దాచిన కవరు మీద దొరికాయి. ఈలోగా ఒక ఫోన్ల దుకాణంలో "రీసెట్ చేస్తే తెరుచుకుంటుంది, మూడు వందలు" అన్నారు. నిజమే, తెరుచుకుంటుంది, ఖాళీగా. లోపలి సందేశాలతో పాటు అవి దాచిన నకళ్లు కూడా పోతాయి.

సిమ్మును ఫోనులోనే ఉంచండి. రద్దు చేయించకండి. ప్రీపెయిడ్ అయితే గడువు తీరకముందే రీఛార్జ్ చేయించండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం 90 రోజుల కన్నా తక్కువ కాలం వాడలేదన్న కారణంతో ప్రీపెయిడ్ నంబరును తీసేయకూడదు. ఆ తరువాత తీసేయవచ్చు. తీసేసిన నంబరును ఇంకో 90 రోజుల పాటు ఎవరికీ కేటాయించరు. ఆపైన అది ఎవరికైనా పోవచ్చు. కొత్తాయన ఆ నంబరుతో వాట్సాప్ పెట్టుకున్న క్షణంలో పాత ఫోనులో వాట్సాప్ బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మాటలన్నీ ఫోను లోపలే ఉన్నా తెర మీద నంబరు నిరూపించమనే అడుగుతుంది. మాటలకు తాళంచెవి సిమ్మే అని అర్థం చేసుకోండి. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఇలాంటి యాప్‌లు ఫోనులో ఉన్న సిమ్ముకు ఎప్పుడూ ముడిపడి ఉండాలని ఆదేశించింది కాబట్టి సిమ్మును ఊరికే బయటికి తీసి చూడటం మరీ తగదు.

సిమ్ము పోతే వారసుల పేరున మార్పించి కొత్తది తీసుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, తీసుకునేవారి ఆధార్, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. కొత్త సిమ్ము పడిన తరువాత 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు. ఓటీపీ రాలేదని కంగారుపడి పదే పదే ప్రయత్నించవద్దు, మరుసటి రోజు చేయండి.

ఇంకో తొందర కూడా ఉంది. కొందరు తమ సంభాషణలకు మాయమయ్యే గడువు పెట్టుకుంటారు. అది 24 గంటలు, 7 రోజులు, 90 రోజుల్లో ఏదైనా కావచ్చు. మనిషి పోయినంత మాత్రాన ఆ గడియారం ఆగదు.

ఫోను తెరుచుకుంటే: ఏది ముందు కాపీ చేయాలి

ముందుగా, వారసులందరి నుంచి ఒక కాగితం మీద సంతకాలు తీసుకోండి. "ఫలానా వారి ఫోనులోని లెక్కలకు సంబంధించిన సందేశాలు ఫలానా వ్యక్తి చూడటానికి, నకలు తీయడానికి మాకు సమ్మతమే" అని రెండు వాక్యాలు చాలు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు బతికి ఉన్న తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. మా నాయనమ్మ వేలిముద్ర కూడా అందుకే వేయించాను. అనుమతి లేకుండా వేరొకరి ఫోనులోకి, ఖాతాలోకి వెళ్లడం మీద ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు ఉన్నాయి. ఆస్తి తగాదా ఉన్న ఇంట్లో ఒక్క వారసుడు ఎదురు తిరిగితే ఆ సెక్షన్లే బయటికి వస్తాయి. పైగా సందేశాలు రాసిన రెండో మనిషి బతికే ఉన్నాడు, ఆయన గుట్టు కూడా అందులో ఉంటుంది. కావలసిన సంభాషణలే తెరవండి.

వాట్సాప్‌లో ఆ వ్యక్తితో జరిగిన సంభాషణ తెరిచి, పై మూల మూడు చుక్కలు నొక్కితే అక్కడ Export chat కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో More లోపల ఉంటుంది. ఫోటోలతో కలిపి తీస్తే చివరి 10,000 సందేశాల వరకు, ఫోటోలు లేకుండా తీస్తే 40,000 వరకు వస్తాయి. పాత లెక్క కావాలంటే ఫోటోలు లేకుండా ఒకసారి, ఫోటోలతో ఇంకోసారి, రెండుసార్లు తీయండి. ప్రతి సందేశానికీ తేదీ, సమయం, పేరు ఉన్న పాఠం ఫైలు వస్తుంది. అక్కడ పేరు బదులు నంబరు పడితే ఆ నంబరు ఎవరిదో అప్పుడే రాసిపెట్టుకోండి, ఆరు నెలల తరువాత గుర్తుండదు.

గొంతు సందేశాలు, ఫోటోలు విడి ఫైళ్లుగా కూడా ఫోనులో ఉంటాయి. వాట్సాప్ తెరుచుకోకపోయినా ఫోను తెరుచుకుంటే చాలు, వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేయవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది వదిలేస్తారు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో దారి ఇది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Voice Notes
```

అందులో ఫైళ్లకు PTT-20240311-WA0004.opus లాంటి పేర్లు ఉంటాయి. మధ్య అంకెలు తేదీ. ఎవరు పంపారో పేరులో ఉండదు కాబట్టి సంభాషణతో తేదీ సరిపోల్చుకోవాలి. అదే WhatsApp ఫోల్డరులో Databases అనే ఇంకొకటి ఉంటుంది. రోజూ తెల్లవారుజామున వాట్సాప్ తనకు తాను దాచుకునే నకళ్లు అవి, సుమారు వారం రోజులవి ఉంటాయి. వాటిని నేరుగా చదవలేం, తాళం వేసి ఉంటాయి, అయినా కాపీ చేసి పెట్టుకోండి.

ఇక వాట్సాప్ సెట్టింగుల్లో చాట్ బ్యాకప్ తెరిచి, ఏ గూగుల్ ఖాతాలోకి నకలు వెళుతోందో, చివరిసారి ఎప్పుడు వెళ్లిందో రాసుకోండి. మన ఊళ్లలో ఒక చిక్కుంది. ఫోను అమ్మిన కుర్రవాడే గూగుల్ ఖాతా తయారుచేసి ఇస్తాడు, సంకేతపదం అతనికీ గుర్తుండదు, ఖాతా పేరు కూడా మనిషి పేరుతో కలవదు. బాబాయి ఖాతా అలాంటిదే. ఆ ఫోను లోపలినుంచి తప్ప అది ఎవరిదో చెప్పే ఆధారమే లేదు.

ఫోను పగిలిపోయినా, తెరుచుకోకపోయినా

సిమ్మును వేరే ఫోనులో వేసి వాట్సాప్ పెట్టే దారి ఒకటుంది. దాన్ని చివరికి దాచుకోండి, ఎందుకంటే ఆ క్షణమే పాత ఫోనులో వాట్సాప్ బయటికి వచ్చేస్తుంది. కొత్త ఫోనులో ఖాతా తెరుచుకుంటుంది గానీ పాత మాటలు రావు. అవి రావాలంటే అదే గూగుల్ ఖాతా ఆ ఫోనులో ఉండాలి, అందులో నకలు ఉండాలి. రెండంచెల పిన్ను పెట్టుకొని ఉంటే ఏడు రోజులు ఆగి దాన్ని మార్చుకోవచ్చు. నకలుకే ప్రత్యేకంగా సంకేతపదమో, 64 అంకెల తాళమో పెట్టుకొని ఉంటే అది తెలియకుండా ఎవరూ తెరవలేరు, కంపెనీ సహా. అనుమానాస్పద మరణమైతే ఫోను పోలీసుల దగ్గర ఉంటుంది. దానిని తాత్కాలికంగా ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టులో, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 503 సెక్షను కింద అర్జీ పెట్టుకోవాలి. దర్యాప్తు సాగుతుండగా ఆ ఫోనులో మీరు ఏదీ మార్చకూడదు.

ఇక్కడ నేను ఎక్కువగా నమ్మే మార్గం వేరే ఉంది. ప్రతి సందేశం రెండు ఫోన్లలో ఉంటుంది. అవతలివారిని మర్యాదగా అడగండి: "మీకూ మా ఆయనకూ జరిగిన మాటలు అలాగే పంపిస్తారా?" స్నేహితులు, బంధువులు, గుంపుల్లోని వాళ్లు సాధారణంగా పంపిస్తారు. బాకీ ఉన్నవాడు పంపుతాడా అని అడగవచ్చు. పంపకపోవచ్చు. కానీ ఆ బేరం కుదిర్చిన మధ్యవర్తి పంపుతాడు, కాటా దగ్గర ఉన్న కుర్రవాడు పంపుతాడు. మాకు రెండు చీటీల ఫోటోలు అలాగే వచ్చాయి.

కాగితాలు

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించండి, ఆ గడువులో రుసుము ఉండదు. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో అయితే పురపాలక కార్యాలయంలో. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే తహశీల్దారు ఇస్తారు. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాల్లోనా పూర్తిగానా అన్నది ఆధార్‌లో, మరణ ధ్రువపత్రంలో ఒకేలా ఉండేట్టు నమోదు రోజే చూసుకోండి. విదేశీ కంపెనీ ఫారాలను చూసేవాడికి మన ఇంటిపేర్ల సంగతి తెలియదు, రెండు పేర్లు ఇద్దరు మనుషులనుకుంటాడు. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ వేయించండి.

కంపెనీలు ఏమి ఇస్తాయి

వాట్సాప్ సందేశాలు ఇవ్వదు. మొండితనం వల్ల కాదు, వాళ్ల దగ్గర ఉండవు. అందిన సందేశం వాళ్ల సర్వర్‌లో మిగలదు, అందనిది 30 రోజుల వరకు తాళంలోనే ఉంటుంది. స్మారక ఖాతా అన్న ఏర్పాటూ లేదు. 120 రోజులు అలికిడి లేకపోతే ఖాతా తొలగిస్తారు.

గూగుల్‌కు మరణించినవారి ఖాతా గురించి ప్రత్యేక ఫారం ఉంది. ఖాతా మూయమని, అందులోని సొమ్ము ఇమ్మని, లేదా సమాచారం ఇమ్మని మూడు రకాలుగా అడగవచ్చు. సంకేతపదం మాత్రం ఎవరికీ ఇవ్వరు. సమాచారం కావాలంటే అమెరికా కోర్టు ఉత్తర్వు తెమ్మనవచ్చు. నాలుగు లక్షల బాకీ కోసం అమెరికాలో వకీలును పెట్టుకునేవారు మన జిల్లాలో ఎందరుంటారు? బతికుండగానే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో పేరు రాసిపెట్టిన కుటుంబానికి ఈ బాధ లేదు. 3, 6, 12, 18 నెలల్లో ఎంచుకున్నంత కాలం ఖాతా వాడకపోతే, రాసిపెట్టినవారికి దిగుమతి చేసుకునే వీలు మూడు నెలల పాటు ఇస్తారు. పదిమంది దాకా పేర్లు పెట్టవచ్చు. ఎవరి పేరూ లేకపోతే రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.

యాపిల్‌లో 2021 డిసెంబరు నుంచి లెగసీ కాంటాక్ట్ ఉంది, అంటే బతికుండగానే ఒకరిని నియమించుకునే ఏర్పాటు. అలా నియమితులైనవారు తమ దగ్గరి తాళం కోడ్‌తో పాటు మరణ ధ్రువపత్రం పంపిస్తే ఐక్లౌడ్‌లో ఉన్న సందేశాలు, ఫోటోలు మూడేళ్ల వరకు చూడవచ్చు. దాచిన సంకేతపదాలు రావు. నియామకం లేకపోతే వారసుడిగా పేరు రాసిన కోర్టు ఉత్తర్వు అడుగుతారు. ఐఫోను తెర తాళాన్ని మాత్రం తుడిచేయకుండా తీయలేమని వాళ్లే చెబుతారు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మరణ ధ్రువపత్రం చూసి ఖాతాను స్మారకంగా మారుస్తాయి, లేదా దగ్గరి బంధువు అడిగితే తొలగిస్తాయి. స్మారకమైన ఖాతాలోకి సంకేతపదం తెలిసినా ఎవరూ వెళ్లలేరు. ఫేస్‌బుక్‌లో ముందుగా నియమించుకున్న లెగసీ కాంటాక్ట్ కూడా గోడ మీది ఫోటో మార్చగలరు, నివాళి రాయగలరు, సందేశాలు మాత్రం చదవలేరు.

దీని బరువు ఎంతో జర్మనీలో జరిగిన కేసు చూపిస్తుంది. 2012లో బెర్లిన్ భూగర్భ రైలు స్టేషనులో ఒక పదిహేనేళ్ల అమ్మాయి రైలు కింద పడి చనిపోయింది. అది ప్రమాదమా, ఆత్మహత్యా అని తెలుసుకోవడానికి తల్లి ఆమె ఫేస్‌బుక్ తెరవబోయింది. సంకేతపదం ఆమె దగ్గర ఉంది. అప్పటికే ఎవరో మరణం సంగతి తెలియజేయడంతో ఖాతా స్మారకమైంది, లోపలికి రానివ్వలేదు. ఆరేళ్ల తరువాత, 2018 జూలైలో, అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఉత్తరాలు, డైరీలు వారసులకు వచ్చినట్టే ఖాతా కూడా వస్తుందని తీర్పు ఇచ్చింది. కంపెనీ 14,000 పేజీలకు పైగా ఉన్న ఫైలు ఒకటి యూఎస్‌బీలో పెట్టి ఇచ్చింది. అది చాలదు, ఖాతానే తెరిచి చూపాలని 2020లో అదే కోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది. బంధువుల్లో ఉత్సాహవంతుడు ఎవరైనా నివాళి పేరుతో ఆ ఫారం నింపకముందే అందరికీ చెప్పి ఉంచండి.

మన దేశంలో డిజిటల్ ఖాతాల వారసత్వానికి ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షనులో నామినీని పెట్టుకునే హక్కు రాసి ఉంది, దాని అమలుకు మాత్రం 2027 మే దాకా గడువు పెట్టారు. అది బతికున్నప్పుడు పెట్టుకోవలసినది, పోయాక వారసులు అడిగేది కాదు.

సందేశం దొరికాక, బాకీ రావాలంటే

చనిపోయినవారికి రావలసిన బాకీ కోసం దావా వేస్తే, వారసత్వ ధ్రువపత్రం లేకుండా కోర్టు డిక్రీ ఇవ్వదు. భారత వారసత్వ చట్టం 214వ సెక్షను అది. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం దీనికి సరిపోదు, సివిల్ కోర్టు నుంచి తెచ్చుకోవాలి. సందేశాల ప్రింటు ఒక్కటే దాఖలు చేస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ధ్రువీకరణ జతచేయాలి. అందులో ఒక భాగం దాఖలు చేసేవారు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హ్యాష్ విలువ కూడా రాస్తారు. హ్యాష్ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. అందుకే తీసిన ఫైలు తెరిచి అక్షరదోషాలు దిద్దకండి. మా తమ్ముడు పేర్లు సరిచేసి దాచాడు, మళ్లీ తీయవలసి వచ్చింది. అసలు ఫోనును కూడా అలాగే భద్రపరచండి.

మా లెక్క చివరికి ఇలా తేలింది. కొన్నాయనతో జరిగిన మాటల్లో కాటా చీటీలు కలిపితే 2,600 కిలోలు, ఆయనే రాసిన ధర కిలో 350. మొత్తం 9,10,000. బ్యాంకు ఖాతాలో పడింది 5,00,000. మిగిలిన 4,10,000 ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాము. ధర తాను రాసిందే కనుక మాట్లాడలేకపోయాడు. రెండు విడతల్లో ఇచ్చాడు, కోర్టు దాకా పోలేదు.

మేత దుకాణం దగ్గర ఓడిపోయాము. ఆ సంభాషణకు 90 రోజుల గడువు పెట్టి ఉంది. బాబాయి లక్ష రూపాయలు చేతికి ఇచ్చానని మూడున్నర నెలల కిందట పంపిన సందేశం రెండు ఫోన్లలోనూ మాయమైంది. ఇచ్చారని పిన్నికి తెలుసు, చూపించడానికి ఏమీ లేదు. ఆ లక్ష మళ్లీ కట్టింది.

గొంతు సందేశాల ఫోల్డరు మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. అందులో తనకు పంపిన ఒకటి పిన్ని తన ఫోనులోనూ పెట్టించుకుంది. తొమ్మిది సెకన్లు. రెండో గుంటలో ఏరేటర్ ఆగిపోయింది, కుర్రవాణ్ణి లేపి పంపమంటారు బాబాయి, వెనక గాలి హోరు వినిపిస్తుంది.